‘మీరు’ అంటే సరిపోదు, క్రియ కూడా చూసుకోండి

మర్యాదంతా ‘మీరు’లోనే ఉందనుకుంటాం కానీ, మాటల్లో సర్వనామం తరచూ ఎగిరిపోతుంది, మిగిలేది క్రియే. కొత్తవాళ్లను ‘ఎక్కడికి వెళ్తున్నావ్?’ అన్నామంటే ‘నువ్వు’ అనకపోయినా అన్నట్టే. ‘వెళ్తున్నారు?’ అంటే చాలు, ‘మీరు’ అక్కర్లేదు. ‘కూర్చో’కి ‘కూర్చోండి’ కూడా అంతే.

ఎక్కువమంది జారేది ఎదురుగా లేనివాళ్ల గురించి చెప్పేటప్పుడు. స్నేహితుడితో ‘మీ నాన్నగారు వచ్చారు’ అని చక్కగా అంటాం, వెంటనే ‘మీ అమ్మగారు కూడా వచ్చింది’ అనేస్తాం. ‘వచ్చింది’ అన్నది ఆమెకీ, బస్సుకీ ఒకటే రూపం! ‘గారు’ తగిలించాక ‘వచ్చారు’ అనే ముగించాలి. ‘ఆవిడ వచ్చారు’ కూడా ఇలాగే. ‘ఆయన వచ్చాడు’ అన్నా చెవికి తేడాగానే తగులుతుంది. ‘వచ్చాడు’కి ‘అతను’ సరిజోడు.

చిన్నవాళ్లయినా, పరిచయం లేని పెద్దపిల్లలతో, ఆఫీసులో జూనియర్లతో నేను ‘మీరు’తోనే మొదలుపెడతాను. ‘నువ్వు అనండి, పర్లేదు’ అని వాళ్లే అంటే అప్పుడు మారతాను. ‘నువ్వు’తో మొదలుపెట్టి తర్వాత ‘మీరు’కి మారితే మాత్రం, కోపమొచ్చిందేమో అనుకుంటారు.