రాత్రి ఫైలు బదిలీకి ఫైర్‌వాల్ తెరవమని ఛేంజ్ రిక్వెస్ట్ రాయడం ఎలా?

"కొత్త సర్వర్ నుంచి బయటి సంస్థకు రోజూ ఫైలు వెళ్లాలి, దయచేసి ఫైర్‌వాల్ తెరవండి." ఇలా ఒక్క వాక్యంతో వచ్చిన ఛేంజ్ రిక్వెస్ట్ నాలుగు ప్రశ్నలతో వెనక్కి వస్తుంది. నెట్‌వర్క్ బృందం బద్ధకించిందని అనుకోవద్దు. ఫైర్‌వాల్‌లో వాళ్లు రాయాల్సినది ఒకే ఒక వరుస: ఏ చిరునామా నుంచి, ఏ చిరునామాకు, ఏ పోర్టు మీద, అనుమతించాలా వద్దా. మీ వాక్యంలో చిరునామాలూ లేవు, పోర్టూ లేదు. అభ్యర్థన చదివిన మనిషి మళ్లీ మీకు ఫోను చేయకుండా ఆ వరుసను టైపు చేయగలిగితే అది సరిగ్గా రాసినట్టు. అలా రాయడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

లెక్కల విభాగం రోజూ రాత్రి 1:30కి చెల్లింపుల ఫైలును బయటి సంస్థకు ఎస్‌ఎఫ్‌టీపీ ద్వారా పంపాలి. తెల్లవారుజామున 4:00 లోపు ఆ ఫైలు అవతలి వారికి అందాలి. మన సర్వర్ చిరునామా 10.20.30.41, అవతలి వారిది 203.0.113.25 అనుకుందాం.

ముందు తేల్చుకోవలసినది: పలకరించేది ఎవరు?

ఎక్కువ అభ్యర్థనలు తప్పేది ఇక్కడే. ఫైలు ఎటు వెళుతోందన్నది ఫైర్‌వాల్‌కు అక్కర్లేదు. కనెక్షన్‌ను ఎవరు మొదలుపెడుతున్నారన్నదే దానికి ముఖ్యం. మన సర్వర్ అవతలి సర్వర్‌కు కనెక్ట్ అయి అక్కడి ఫైలును లాక్కుని తెచ్చుకుంటే, డేటా లోపలికి వస్తున్నా కనెక్షన్ మాత్రం బయటికి వెళ్లేదే. అలాంటప్పుడు "లోపలికి రానివ్వండి" అని రాస్తే పని జరగదు సరికదా, అక్కర్లేని ద్వారం ఒకటి తెరుచుకుంటుంది. బయటి నుంచి లోపలికి తెరవమనే అభ్యర్థనను భద్రతా బృందం మరింత అనుమానంగా చూస్తుంది కనుక ఆమోదానికీ ఆలస్యమవుతుంది.

ఇప్పటి ఫైర్‌వాల్‌లు సాధారణంగా ప్రతి కనెక్షన్ స్థితినీ గుర్తుపెట్టుకుంటాయి. మనం మొదలుపెట్టిన కనెక్షన్‌కు వచ్చే జవాబును వాటంతట అవే రానిస్తాయి. కాబట్టి "రెండు వైపులా తెరవండి" అని రాయకండి. "కనెక్షన్ మొదలుపెట్టేది మన సర్వర్, దిశ: బయటికి" అని రాస్తే చాలు.

చిరునామాలు: ఒకటి అనుకున్నచోట రెండు ఉంటాయి

మన వైపు మూల చిరునామా 10.20.30.41 అని రాసి ఊరుకోవద్దు. షెడ్యూలు పని నడిచేది ఆ ఒక్క సర్వర్ మీదేనా అని షెడ్యూలర్ చూసే వారిని అడగండి. చాలాచోట్ల దానికి తోడుగా 10.20.30.42 లాంటి ప్రత్యామ్నాయ సర్వర్ ఉంటుంది. మొదటిదాన్ని మరమ్మతు కోసం ఆపిన రాత్రి పని రెండోదాని మీదకు వెళుతుంది, దానికి దారి లేక ఆగిపోతుంది. నెలల తరబడి బాగా నడిచిన బదిలీ ఒక్క రాత్రి ఎందుకు తప్పిందో పొద్దున్న ఎవరికీ అర్థం కాదు. అందుకే రెండు చిరునామాలూ ఇప్పుడే రాయండి. జాగ్రత్త కోసమని ఆ చుట్టుపక్కల చిరునామాలన్నీ కలిపి అడగడం మాత్రం వద్దు. 10.20.30.0/24 అని రాస్తే 256 చిరునామాలకు తలుపు తీయమన్నట్టు. సరైన సమీక్షకుడెవరూ దాన్ని ఒప్పుకోరు.

ఇంకో చిక్కు ఉంది. 10తో మొదలయ్యే చిరునామాలు లోపలి నెట్‌వర్క్ వరకే చెల్లుతాయి. బయటికి వెళ్లేటప్పుడు అవి ఒక పబ్లిక్ చిరునామాగా మారతాయి. అవతలి సంస్థ ఫైర్‌వాల్‌కు కనిపించేది ఆ మారిన చిరునామాయే, ఉదాహరణకు 198.51.100.10. అది ఎంతో నెట్‌వర్క్ బృందాన్ని ముందుగానే అడిగి తెలుసుకుని, అవతలి వారికి తెలియజేసి, వాళ్లు అనుమతించిన సంగతిని అభ్యర్థనలో రాయండి. మన వైపు రూల్ ఎంత చక్కగా పెట్టినా అవతలి తలుపు మూసి ఉంటే ఫలితం ఒక్కటే.

గమ్యం దగ్గర పేరుతో పాటు ఐపీ చిరునామా కూడా ఇవ్వండి. పేరు మాత్రమే ఇస్తే, ఆ పేరు వెనుక ఉన్న చిరునామా మారినప్పుడు ఫైర్‌వాల్‌కు ఒక చిరునామా, సర్వర్‌కు ఇంకో చిరునామా తెలిసే ప్రమాదం ఉంది. స్థిరమైన చిరునామా ఇవ్వమని అవతలి వారిని అడగడమే మేలు.

పోర్టు, సమయం

ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది ఎస్‌ఎస్‌హెచ్ మీద కాబట్టి సాధారణంగా టీసీపీ పోర్టు 22 ఒక్కటే చాలు. కొన్ని సంస్థలు వేరే పోర్టు వాడతాయి, అడిగి ఖాయం చేసుకోండి. పాత ఎఫ్‌టీపీతో, పేరులో దగ్గరగా ఉండే ఎఫ్‌టీపీఎస్‌తో దీన్ని కలపవద్దు. ఆ రెండింటికీ ఆదేశాలకు ఒక కనెక్షన్, డేటాకు ఇంకో కనెక్షన్ కావాలి, అదనపు పోర్టుల శ్రేణి కూడా తెరవాల్సి వస్తుంది.

సమయాన్ని తప్పక రాయండి, కానీ రాత్రి 1:30 నుంచి 2:00 వరకే రూల్ పనిచేయాలని అడగవద్దని నా సలహా. ఫైలు తయారు కావడం ఆలస్యమైనా, మొదటి ప్రయత్నం విఫలమై రెండోసారి పంపాల్సి వచ్చినా ఆ గడియ దాటిపోతుంది. చిరునామాలూ పోర్టూ ఇరుకుగా ఉంటే రక్షణ వాటితోనే చాలావరకు వస్తుంది. సమయం రాసేది లాగ్ చూసేవారి కోసం. రాత్రి 1:30కి కనిపించే కనెక్షన్ ఈ పనిదేనని వాళ్లకు తెలుస్తుంది, మధ్యాహ్నం కనిపిస్తే అనుమానించవచ్చు. సర్వర్ గడియారం ఏ కాలమానంలో ఉందో కూడా చెప్పండి.

కారణం రాయడం

"వ్యాపార అవసరం" అన్న రెండు మాటలు కారణం కావు. ఆమోదించే వ్యక్తి మనసులో నిజంగా మెదిలేవి మూడు ప్రశ్నలు: ఇది తెరవకపోతే ఏమవుతుంది, దీనికంటే తక్కువ తెరిచి పని జరిపించలేమా, తెరిచాక ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరు? వాటికి వరుసగా జవాబిస్తే చాలు. మన ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

> చెల్లింపుల ఫైలును ప్రస్తుతం ఒక ఉద్యోగి రోజూ వెబ్‌సైటులో చేత్తో ఎక్కిస్తున్నారు. ఆ ఉద్యోగి సెలవులో ఉన్న రోజు ఫైలు ఆలస్యమవుతోంది. తెల్లవారుజామున 4:00 దాటితే చెల్లింపులు మరుసటి రోజుకు వాయిదా పడతాయి. అందువల్ల రాత్రి 1:30కి ఆటోమేటిక్ బదిలీ కావాలి.
>
> కోరుతున్నది: 10.20.30.41, 10.20.30.42 నుంచి 203.0.113.25కు, టీసీపీ 22, బయటికి మాత్రమే. కనెక్షన్ మొదలుపెట్టేది మన సర్వర్. బయటి నుంచి లోపలికి ఏదీ తెరవనక్కర్లేదు.
>
> ఇప్పటికే ఉన్న ఉమ్మడి బదిలీ సర్వర్‌ను వాడవచ్చా అని పరిశీలించాం. దాని మీద వేరే విభాగాల ఖాతాలు ఉన్నందున చెల్లింపుల ఫైలును అక్కడ ఉంచడానికి లెక్కల విభాగం అంగీకరించలేదు.
>
> ఫైలులో ఖాతా వివరాలు ఉంటాయి. బదిలీ ఎన్‌క్రిప్ట్ అయి జరుగుతుంది, లాగిన్ కీ ద్వారా మాత్రమే. అవతలి ఖాతాకు ఒకే ఫోల్డర్‌లో రాసే హక్కు ఉంది.
>
> యజమాని: లెక్కల వ్యవస్థల బృందం. ఒప్పందం ముగిసే తేదీకి నెల ముందు ఈ రూల్‌ను సమీక్షించాలి.

ఇందులో బరువైనది మూడో పేరా. ప్రత్యామ్నాయాన్ని చూసి, ఎందుకు కుదరలేదో చెప్పిన అభ్యర్థన మీద సమీక్షకుడికి నమ్మకం కుదురుతుంది. అయితే నిజంగా చూడని ప్రత్యామ్నాయాన్ని చూశామని రాయకండి, మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. చివరి పేరాను చాలామంది వదిలేస్తారు. యజమాని పేరు లేని రూల్ ఏళ్లు గడిచాక ఎవరూ తీసేయలేనిదిగా మిగులుతుంది. ఎందుకు పెట్టారో తెలియదు, తీస్తే ఏం ఆగిపోతుందో అని భయం. వ్యక్తి పేరు కాకుండా బృందం పేరు రాయండి, మనుషులు ఉద్యోగాలు మారతారు.

పరీక్ష, వెనక్కి తీసుకోవడం

రూల్ పెట్టాక ఎలా పరీక్షిస్తారో అభ్యర్థనలోనే రాయండి. పరీక్షను మీ సొంత కంప్యూటర్ నుంచి కాక, పని నడిచే రెండు సర్వర్ల నుంచీ చేయాలి.

```
nc -vz 203.0.113.25 22
```

జవాబును బట్టి లోపం ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. చాలాసేపు ఆగి `timed out` వస్తే దారిలో ఎక్కడో, మన ఫైర్‌వాల్‌లోనో అవతలి ఫైర్‌వాల్‌లోనో, ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తున్నారని అర్థం. వెంటనే `refused` వస్తే సాధారణంగా దారి బాగానే ఉంది, అవతల ఆ పోర్టు మీద వినేవారు లేరు. పోర్టు సంఖ్య తప్పేమో చూడండి. `succeeded` వచ్చినా అసలు బదిలీ తెగిపోతుంటే, అవతలి సర్వర్ మన పబ్లిక్ చిరునామాను ఒప్పుకోకపోవడం గాని, దారిలో ఏదైనా తనిఖీ పరికరం అడ్డుపడటం గాని కారణం కావచ్చు. పింగ్‌తో మాత్రం పరీక్షించకండి. అది వేరే ప్రోటోకాల్, దాన్ని మూసేసి 22ను తెరిచి ఉంచడం మామూలే.

`timed out` వచ్చినప్పుడు "పనిచేయడం లేదు" అని కబురు పెట్టడం కంటే, ప్రయత్నించిన గంట, నిమిషం, మూల చిరునామా రాసి పంపండి. ఆ నిమిషంలో లాగ్‌లో మన ప్యాకెట్ కనిపించిందా లేదా అన్నది నెట్‌వర్క్ బృందం కాసేపట్లో చెప్పగలదు. లాగ్‌లో అసలు కనిపించకపోతే ప్యాకెట్ ఫైర్‌వాల్ దాకా రాలేదన్నమాట, అప్పుడు వెతకాల్సింది రూటింగ్‌లో గాని, సర్వర్‌లోనే ఉన్న ఫైర్‌వాల్‌లో గాని.

వెనక్కి తీసుకునే పద్ధతి ఈ మార్పుకు తేలిక: రూల్‌ను తీసేయడమే. అయినా రెండు సంగతులు రాయాలి. రూల్ తీసినా అప్పటికే నడుస్తున్న కనెక్షన్ కొన్ని ఫైర్‌వాల్‌లలో తెగకుండా కొనసాగుతుంది, కాబట్టి దాన్ని విడిగా తెంచమని అడగాలి. ఆ రాత్రి ఫైలు ఎలా వెళుతుందో కూడా చెప్పాలి. మన ఉదాహరణలో పాత పద్ధతిలో చేత్తో ఎక్కించడానికి ఉద్యోగి సిద్ధంగా ఉంటారని రాస్తే సరిపోతుంది.

మొదటి షెడ్యూలు పరుగు రాత్రి 1:30కి జరిగి, ఫైలు అందినట్టు అవతలి వారు ధృవీకరించాకే అభ్యర్థనను మూసేయండి. పగటి పరీక్ష ఒక్కదాన్నే నమ్మవద్దు. చేత్తో నడిపినప్పుడు మీ ఖాతాతో నడిచిన పని, షెడ్యూలర్ నడిపినప్పుడు వేరే ఖాతాతో, ఒక్కోసారి వేరే సర్వర్ నుంచి నడుస్తుంది. మూసేటప్పుడు నెట్‌వర్క్ బృందం ఇచ్చిన రూల్ సంఖ్యను షెడ్యూలు పని వివరణలో చేర్చండి. ఆ పనిని ఎప్పుడైనా ఆపేసేవారికి ఏ రూల్‌ను తీసేయమని అడగాలో అక్కడే కనిపిస్తుంది.