స్లైడ్‌లో ఉన్నది పాత సంగతేమో అనిపిస్తే

చదువుతుంటే స్లైడ్‌లో ఒకటి, పుస్తకంలో ఒకటి కనిపిస్తుంది. ఏది నమ్మాలో తెలీక అరగంట పోతుంది.

నేనిప్పుడు చేసేది ఇది. ముందు ఆ ఒక్క వాక్యాన్నీ, స్లైడ్ నంబరునీ పక్కన రాసుకుంటాను. తర్వాత, ఆ విషయం ఖరారు చేసే అధికారం ఎవరిదో చూసి నేరుగా వాళ్ల పత్రమే తెరుస్తాను. వెతికితే పైన వచ్చే నాలుగు సైట్లూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే కావచ్చు, అందుకని వాటిని లెక్కలోకి తీసుకోను.

ఉదాహరణకి, "కిలోగ్రాము అంటే ప్యారిస్ దగ్గర ఉన్న ప్లాటినం-ఇరీడియం దిమ్మె ద్రవ్యరాశి" అని స్లైడ్‌లో ఉందనుకోండి. కొలతల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ BIPM. దాని SI బ్రోషర్ 9వ ఎడిషన్ తెరిస్తే, 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం విలువతో నిర్వచిస్తున్నారని ఉంటుంది. అంటే స్లైడ్ అప్పట్లో సరైనదే, ఇప్పుడు పాతబడింది. లెక్చరర్‌ని అడిగేటప్పుడు స్లైడ్ నంబరు, పత్రం పేరు, తేదీ మూడూ చెబితే మాట తొందరగా తేలుతుంది.

ఒక్క జాగ్రత్త. తేడా ఉన్నంత మాత్రాన తప్పని కాదు. థర్మోడైనమిక్స్‌లో ఒకచోట ΔU = Q − W, ఇంకోచోట ΔU = Q + W ఉంటాయి. మొదటిదాంట్లో W వ్యవస్థ చేసిన పని, రెండోదాంట్లో వ్యవస్థ మీద జరిగిన పని. రెండూ కరెక్టే. ఇలాంటి చోట తేదీలు వెతికి లాభం లేదు, గుర్తుల అర్థం రాసిన స్లైడ్‌కి వెనక్కి వెళ్లి చూడాలి.