ప్రీ ఫైనల్ డ్యూటీ వేస్తే ఏడో తరగతికి టీచర్ ఎందుకు ఉండట్లేదు?

సమస్య

మధ్యాహ్నం పూట పదో తరగతికి ప్రీ ఫైనల్, మిగతా తరగతులకు మామూలు క్లాసులు. ఆరో పీరియడ్ బెల్ కొట్టగానే ఏడో తరగతిలో ఎవరూ ఉండరు, పిల్లల గోల పరీక్ష గది దాకా వినిపిస్తుంది, ఆ క్లాసుకు పోవాల్సిన తెలుగు మేడం చూస్తే ఇన్విజిలేషన్‌లో ఉంటారు. నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఒక హైస్కూల్లో రెండేళ్లు ఇదే టెన్షన్.

కారణం

హాజరు రిజిస్టర్‌లో పేర్ల వరుస పట్టుకుని రోజుకు ఇద్దరి చొప్పున రాసుకుంటూ పోయాం, టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకోలేదు. పైగా పూటంతా ఒక్కరికే ఇచ్చాం. ఐదు నుంచి ఎనిమిది దాకా నాలుగు పీరియడ్లూ లీజర్ ఉన్న టీచర్ ఏ బడిలోనైనా దొరకడం కష్టం.

పరిష్కారం

ముందు పదో తరగతి టైమ్‌టేబుల్ తీయండి. వాళ్లు పరీక్షలో ఉంటే ఆ పీరియడ్‌లో వాళ్లకు పాఠం చెప్పాల్సిన టీచర్లు ఖాళీ అవుతారు. రెండు సెక్షన్లుంటే పీరియడ్‌కు ఇద్దరు, గదులు కూడా రెండే అయితే మనుషులు సరిపోతారు. మూడో గది తెరిస్తే మాత్రం ఆ ఒక్కరిని లీజర్ ఉన్నవాళ్లలోంచి తీసుకోవాలి.

పీరియడ్‌కో మనిషి మారితే రాసే పిల్లలకు ఇబ్బంది, అందుకే 5-6, 7-8 అని రెండు ముక్కలు చేయండి. మంగళవారం భౌతికశాస్త్రం పేపర్ అనుకుందాం. లెక్కల సార్‌కు ఐదో పీరియడ్ లీజర్, ఆరోది 10ఎ, కాబట్టి ఒకటో గది ఆయనది. తెలుగు మేడంకు ఐదోది 10ఎ, ఆరోది ఏడో తరగతి. ఆమెను రెండో గదిలో వేసి, ఆరో పీరియడ్‌లో 10బి తప్పిన ఇంగ్లిష్ మేడంను ఏడో తరగతికి పంపండి, ఆ పీరియడ్‌ను తర్వాత ఇద్దరూ మార్చుకుంటారు. ఐదో పీరియడ్‌లో 10బి తప్పిన భౌతికశాస్త్రం సార్ కూడా ఖాళీయే కానీ ఆ రోజు ఆయన సబ్జెక్టు పేపరే, గదిలో వేయకూడదు.

చార్ట్ అతికించే ముందు

ఎక్సెల్‌లో టైమ్‌టేబుల్‌కు TT అనే షీట్ తీసి, అందులో వారం, పీరియడ్, తరగతి, టీచర్ అని నాలుగు కాలమ్‌లు పెట్టండి. డ్యూటీ షీట్ కూడా ఇదే వరుస, తరగతి బదులు గది. డ్యూటీ షీట్‌లో E2లో ఇది వేసి కిందికి లాగండి:

```
=COUNTIFS(TT!A:A,A2,TT!B:B,B2,TT!D:D,D2,TT!C:C,"<>10*")
```

1 వస్తే ఆ టీచర్‌కు అదే పీరియడ్‌లో వేరే క్లాసుంది. తెలుగు మేడం ఆరో పీరియడ్‌కు 1 చూపిస్తుంది, TT షీట్‌లో ఆ రోజుకు ఏడో తరగతి పక్కన ఇంగ్లిష్ మేడం పేరు మార్చగానే 0 అవుతుంది. తరగతిని 10A, 10B అనే రాయండి, ఉత్త 10 అని అంకె వేస్తే ఫార్ములా దాన్ని వదిలేయదు.

అన్నీ 0 వచ్చినా ఏదో క్లాసు ఖాళీగా మిగిలిందంటే పేర్లు చూడండి. ఒక షీట్‌లో పేరులో స్పేస్ ఎక్కువ పడినా ఫార్ములాకు ఇద్దరు వేరే మనుషులే. మేం పేర్లు తీసేసి M1, T1 లాంటి కోడ్‌లు పెట్టాక ఆ తప్పు మళ్లీ రాలేదు.