ఐసోమెట్రిక్ కెమెరా కదిలినప్పుడు టైల్స్ వణకడం: సమస్య, కారణం, పరిష్కారం

లక్షణం ఇలా ఉంటుంది. కెమెరా ఆగి ఉన్నప్పుడు బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది; కెమెరా మెల్లగా జరగడం మొదలుపెట్టగానే టైల్స్ అంచులు మిలమిలలాడతాయి. పక్కపక్కన నిలబడ్డ రెండు పాత్రలు ఒకదాని ముందుకు ఒకటి మారిపోతూ మినుకుమంటాయి.

కోడ్ తెరవడానికి ముందు రెండు సంఖ్యలు చూడండి. దాదాపు అందరూ దాటవేసేది దీన్నే. మొదటిది కెమెరా వంపు. టైల్ వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెండింతలు కావాలంటే వంపు 30 డిగ్రీలు ఉండాలి. గణితపరంగా నిజమైన ఐసోమెట్రిక్ కోణమైన 35.264 డిగ్రీలు పెడితే టైల్ అంచు రెండు పిక్సెళ్లు అడ్డంగా, ఒకటి నిలువుగా సాగే మెట్ల వరుసలో ఎన్నటికీ కూర్చోదు. రెండవది ఆర్థోగ్రాఫిక్ సైజు. కెమెరా 45 డిగ్రీలు తిరిగి ఉన్నప్పుడు ఒక యూనిట్ టైల్ కర్ణం 1.4142 యూనిట్లు. అది తెరపై 64 పిక్సెళ్లు కావాలంటే ఒక యూనిట్‌కు 45.2548 పిక్సెళ్లు పడతాయి. 360 పిక్సెళ్ల ఎత్తున గీస్తున్నట్లయితే, ఎత్తులో సగాన్ని సైజుగా తీసుకునే ఇంజిన్లలో ఆ విలువ 360 / (2 × 45.2548), అంటే సుమారు 3.9775. ఇక్కడ 4 అని గుండ్రంగా రాసి, కింది కోడ్‌లో 45.2548 వాడితే వణుకు పోదు.

ఈ రెండూ సరిగా ఉన్నా వణుకు మిగిలితే, నన్ను ఒకటికి రెండుసార్లు దెబ్బతీసిన కారణమే మీ దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. కెమెరా స్థానాన్ని పిక్సెల్ గ్రిడ్‌కు సవరించే కోడ్ ఉంటుంది, అది పనిచేస్తూనే ఉంటుంది, కానీ సవరణ జరిగేది ప్రపంచ అక్షాల మీద. కెమెరా తిరిగి ఉంది కనుక ప్రపంచపు x దిశలో ఒక పిక్సెల్ దూరం జరిగితే, తెరపై దృశ్యం అడ్డంగా 0.707 పిక్సెల్, నిలువుగా 0.354 పిక్సెల్ జరుగుతుంది. గుండ్రం చేశామని మనం నిశ్చింతగా ఉంటాం, తెర మీద మాత్రం ప్రతి అడుగూ భిన్నమే. నేరుగా పైనుంచి చూసే కెమెరా కోసం రాసిన కోడ్‌ను ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఈ తప్పు కంటికి ఆనదు, ఎందుకంటే అక్కడ అది ఒప్పే.

నిర్ధారించుకోవడానికి పాత్రను ఆపి కెమెరాను మాత్రమే జరపండి; వరుసగా రెండు ఫ్రేములను పట్టి పెద్దది చేసి చూడండి. సమతలమైన నేల మీద టైల్ అంచు అంతటా రెండుకు ఒకటి మెట్లుగానే ఉండాలి. మెట్ల పొడవు ఒక ఫ్రేమ్‌లో ఒకలా, మరుసటి ఫ్రేమ్‌లో మరోలా ఉంటే కారణం ఇదే.

పరిష్కారం: స్థానాన్ని కెమెరా సొంత అక్షాల్లోకి మార్చి, అక్కడ గుండ్రం చేసి, తిరిగి ప్రపంచంలోకి తేవాలి.

```csharp
float u = 1f / ppu;
Quaternion r = cam.transform.rotation;
Vector3 p = Quaternion.Inverse(r) * target;
p.x = Mathf.Round(p.x / u) * u;
p.y = Mathf.Round(p.y / u) * u;
cam.transform.position = r * p;
```

ఇందులో `ppu` అంటే ఒక యూనిట్‌కు పడే పిక్సెళ్లు, పైన లెక్కించిన 45.2548. `target` అనేది గుండ్రం చేయని అసలు స్థానం. దాన్ని విడిగా దాచుకోవాలి. గుండ్రం చేసిన విలువనే తరువాతి ఫ్రేమ్‌కు ఆధారంగా వాడితే, సెకనుకు 10 పిక్సెళ్ల వేగంతో 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కు వచ్చే 0.17 పిక్సెల్ ప్రతిసారీ వెనక్కి పోతుంది, కెమెరా ఉన్నచోటనే ఉండిపోతుంది.

దీని తరువాత నేల నిలకడగా ఉండి పాత్ర ఒక్కటే ఒక పిక్సెల్ అటూ ఇటూ ఊగుతుంటే, రెండింటినీ వేర్వేరుగా గుండ్రం చేస్తున్నారని అర్థం. పాత్ర తెర మధ్యనే ఉండే ఆటలో, ముందు పాత్రను ఇదే గ్రిడ్‌లో సవరించి, ఆ స్థానం నుంచి పూర్ణ పిక్సెళ్ల దూరంలో కెమెరాను నిలపండి.

స్ప్రైట్ల వరుస మినుకుమనడం కూడా ఈ తప్పుకు దగ్గరి చుట్టమే. గుండ్రం చేసిన తెర స్థానంతో వరుస నిర్ణయిస్తే, ఒక పిక్సెల్ కంటే తక్కువ తేడా ఉన్న రెండు పాత్రలకు ఒకే విలువ వచ్చి, ఎవరు ముందన్నది ఫ్రేమ్‌కొక తీరుగా తేలవచ్చు. వరుసకు ఎప్పుడూ పాదాల దగ్గరి అసలు ప్రపంచ స్థానాన్నే వాడండి. y పైకి ఉండి, కెమెరా +x, +z దిశలకు మధ్యగా చూస్తున్నప్పుడు ఒకే ఎత్తులో `x + z` ఎక్కువ ఉన్నది దూరంగా ఉన్నట్టు, కనుక దాన్ని మొదట గీయాలి. విలువలు సమానమైతే మారని ఐడీతో తేల్చండి. రెండు, మూడు టైళ్లు ఆక్రమించే పొడవైన గోడకు ఒకే బిందువు చాలదు. దాన్ని టైల్ పరిమాణం ముక్కలుగా కోయడమే నేను నమ్మే మార్గం.

ఎత్తైన టైళ్ల అంచులు మాత్రమే పిక్సెళ్లకు సరిపోకుండా కనిపిస్తే, మెట్టు ఎత్తు చూడండి: ఒక యూనిట్ ఎత్తు తెరపై 39.19 పిక్సెళ్లు, కనుక 16 పిక్సెళ్ల మెట్టుకు 0.40825 యూనిట్లు పెట్టాలి. టైళ్ల మధ్య సన్నని గీతలు వస్తే అట్లాస్‌లో టైళ్ల చుట్టూ ఖాళీ వదిలి, ఫిల్టర్‌ను పాయింట్‌కు మార్చండి. గీసే తెర వెడల్పు, ఎత్తు బేసి సంఖ్యలైతే సరి సంఖ్యలు చేయండి.