పొగడ్తల మధ్య దాచిన మాట: అమెరికా ఆఫీసులో కొత్తగా చేరినవారికి

డాలస్‌లో ఉద్యోగంలో చేరిన మూడో నెలలో మా మేనేజరు నన్ను విడిగా కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. అది సెప్టెంబరు. ఆయన మాటల సారాంశం ఇది: “మీరు వచ్చాక జట్టుకు బలం వచ్చింది. పని ఎంతవరకు వచ్చిందో ఇంకాస్త ముందుగా చెబుతూ ఉంటే బాగుంటుందేమో, ఒకసారి ఆలోచించండి. మొత్తానికి మీరు మా జట్టులో ఉండటం మాకు చాలా సంతోషం.” ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి, మేనేజరు నన్ను మెచ్చుకున్నారని చెప్పాను. అమ్మ ఆ మాటను పక్కింటిదాకా చేరవేసింది. డిసెంబరులో వార్షిక సమీక్ష చేతికి వచ్చింది. అందులో నా పేరు ‘మెరుగుపడాలి’ అన్న వరుసలో ఉంది. పని ఆలస్యమవుతున్న సంగతి చివరి రోజుదాకా బయటపెట్టడం లేదన్నది కారణం. ఈ మాట ముందే చెప్పి ఉండాల్సిందని నేనంటే ఆయన నిజంగానే తెల్లబోయారు. “సెప్టెంబరులోనే చెప్పాను కదా!” అన్నారు.

చెప్పారు, నిజమే. నేను వినలేదు, అదీ నిజమే. ఇక్కడికి కొత్తగా వచ్చేవాళ్లకు ఇల్లు, కారు, బ్యాంకు ఖాతా గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

పైన మా మేనేజరు వాడిన పద్ధతిని ఇక్కడ ఫీడ్‌బ్యాక్ శాండ్‌విచ్ అంటారు. రెండు బ్రెడ్డు ముక్కల్లాంటి పొగడ్తల మధ్య ఒక విమర్శను పెట్టి అందించడం. ఎదుటివారు నొచ్చుకోకూడదని పుట్టిన పద్ధతే ఇది. అయితే పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడితే చివరికి పాము అక్కడే ఉంటుంది.

మనలో చాలామంది విషయంలో ఇది మరీ ఘోరంగా విఫలం కావడానికి ఒక కారణం మన పెంపకంలోనే ఉంది. పిల్లల్ని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం అనుకునే ఇళ్లలో పెరిగాం. నూటికి తొంభై ఎనిమిది వస్తే మిగతా రెండు మార్కులు ఏమయ్యాయని అడిగిన మాస్టార్ల దగ్గర చదివాం. తప్పును సూటిగా చెప్పడం మనకు మామూలు, మెచ్చుకోలే అరుదు. అందుకే ఒక పైఅధికారి ఎదురుగా కూర్చుని బాగా చేస్తున్నారంటే అదే అసలు వార్త అనుకుంటాం. ఇక్కడివాళ్లకు ఆ మాట చాలావరకు మర్యాద, వచ్చినవారికి మంచినీళ్లు ఇచ్చినట్టు. మధ్యలో మెత్తగా దొర్లిన వాక్యమే వాళ్లు చెప్పదలచుకున్నది. మనం బ్రెడ్డు తిని, లోపలిది పక్కన పెట్టేస్తాం.

అలాగని ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఇది పనిచేస్తుందనీ కాదు. కొన్నాళ్లకు వాళ్లకూ అలవాటై, మొదటి పొగడ్త వినగానే తర్వాతి దెబ్బకు సిద్ధమైపోతారు. అప్పుడు నిజమైన మెచ్చుకోలుకు కూడా విలువ పోతుంది. 1996లో క్లూగర్, డినీసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అంతకుముందు జరిగిన అధ్యయనాల నుంచి 600కు పైగా ఫలితాలను కలిపి చూశారు. సగటున అభిప్రాయం చెప్పడం వల్ల పనితీరు మెరుగైనా, మూడో వంతుకు పైగా ఫలితాల్లో అది తగ్గింది. మనిషి ధ్యాస చేస్తున్న పని మీద నుంచి తన మీదకు మళ్లినప్పుడు ఫలితం దెబ్బతింటుందని వారి వివరణ. శాండ్‌విచ్‌లో జరిగేది అచ్చంగా అదే. ‘మీరు చాలా మంచి ఇంజినీరు’ అన్న మాట మనిషి గురించి. ‘ఆలస్యం అవుతుందని సోమవారమే చెప్పండి’ అన్న మాట పని గురించి. మొదటిది విన్నాక మనసు తన చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా, మీకు వచ్చే శాండ్‌విచ్‌ను విప్పడం నేర్చుకోండి. ‘ఆలోచిస్తే బాగుంటుందేమో’ అంటే చాలాసార్లు ‘చేయండి’ అని అర్థం. ‘ఎదుగుదలకు అవకాశం’ అంటే లోపం. ‘ఇకముందు’ అని మొదలైన వాక్యం ఇంతవరకు జరిగినది బాగాలేదని చెబుతోంది. ఒకే విషయం రెండు సమావేశాల్లో, ఎంత మెత్తగానైనా సరే, తిరిగి వచ్చిందంటే దాన్ని హెచ్చరికగానే తీసుకోండి. అనుమానంగా ఉంటే అక్కడికక్కడే అడగవచ్చు, అందులో తప్పేమీ లేదు: “మీరు చెప్పినవాటిలో నేను ఒక్కటే మార్చుకోగలిగితే ఏది మార్చుకోవాలి? ఇది చిన్న సలహానా, నా సమీక్ష మీద ప్రభావం చూపే విషయమా?” రెండో ప్రశ్న అడగడానికి మొదట నాకు నోరు రాలేదు. అడిగాక తెలిసింది, సూటిగా అడిగినవారికి ఇక్కడ సూటిగానే జవాబిస్తారని.

అదే రోజు నాలుగు వరుసల మెయిల్ పంపండి. నేను ఇప్పటికీ పంపుతాను: ‘ఈ రోజు మాట్లాడినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. గడువు తప్పేలా ఉంటే కనీసం రెండు రోజుల ముందు మీకు చెప్పాలి. వచ్చే వారం నుంచి సోమ, గురువారాల్లో పని స్థితి రాసి పంపుతాను. నేను పొరపాటు పడి ఉంటే చెప్పండి.’ మెత్తగా చెప్పిన మాట ఇలా కాగితం మీద గట్టిగా కనిపించగానే, అవతలివారు అవునో కాదో తేల్చక తప్పదు.

హెచ్-1బీ వీసా మీద వచ్చినవారికి ఈ నాలుగు వరుసల అవసరం ఇంకా ఎక్కువ. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధే ఉంటుంది. ఐ-94 గడువు అంతకంటే ముందే తీరితే ఆ వ్యవధి ఇంకా తగ్గుతుంది. పరిస్థితి బాగాలేదని సమీక్ష రోజున తెలుసుకునే తీరిక మనకు లేదు.

ఇక రెండో సగం. మీరే ఒకరికి లోపం చెప్పాల్సి వచ్చినప్పుడు కొత్తగా వచ్చినవాళ్లం రెండు రకాలుగా తప్పు చేస్తాం. కొందరు ఊళ్లో మాస్టారిలా నేరుగా మొట్టేస్తారు. మరికొందరు అమెరికా మర్యాద ఇదేననుకుని శాండ్‌విచ్ కట్టడం మొదలుపెడతారు. నేను రెండో రకం.

మా జట్టులో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. వేసవిలో అక్కడ సాయంత్రం ఏడున్నర అయితే డాలస్‌లో ఉదయం తొమ్మిది. వాళ్లు పని ముగించి పంపే మెయిల్‌తోనే మా రోజు మొదలవుతుంది. ఒక సహోద్యోగిని పంపే మెయిళ్లలో ‘కొన్ని టెస్టులు ఫెయిలయ్యాయి’ అని మాత్రమే ఉండేది. ఏవి ఫెయిలయ్యాయో ఉండేది కాదు. ఆమెకు ఫోను చేసి నాకు తెలిసిన అమెరికా మర్యాదంతా ఒలకబోశాను: మీ మెయిళ్లు చాలా సమయానికి వస్తున్నాయి, వివరాలు ఇంకొంచెం ఉంటే బాగుంటుంది, మీతో పనిచేయడం హాయిగా ఉంది. “థాంక్స్ అండీ” అని సంతోషంగా ఫోను పెట్టేసింది. మర్నాటి మెయిల్ మరింత సమయానికి వచ్చింది. వివరాలు మాత్రం లేవు. ‘ఇంకొంచెం’ అంటే ఎంతో నేను చెప్పనే లేదు, ఆమె మాత్రం ఎలా ఊహిస్తుంది?

తర్వాత నార్త్ కరోలినాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ నేర్పే ఒక వరుసను పట్టుకున్నాను: సందర్భం, ప్రవర్తన, ప్రభావం. ఎప్పుడు ఎక్కడ జరిగిందో ముందు చెప్పాలి, తర్వాత కంటికి కనిపించినది, ఆ తర్వాత దానివల్ల ఏమైందో. దానికి చివర రెండు నేను కలుపుకున్నాను: ఏం కావాలో స్పష్టంగా అడగడం, అవతలివారి వైపు ఏముందో తెలుసుకోవడం. రెండోసారి ఫోను చేసి ఇలా అన్నాను:

“ఒక సమస్య గురించి మాట్లాడాలి, పది నిమిషాలు వీలవుతుందా? మంగళ, బుధవారాల మెయిళ్లలో ఫెయిలైన టెస్టుల పేర్లు లేవు. వాటిని లాగ్‌లలో వెతకడానికి నాకు రోజుకు గంటకు పైగా పట్టింది. బుధవారం రావాల్సిన విడుదల గురువారానికి వెళ్లింది. రేపటి నుంచి ప్రతి ఫెయిల్యూరుకు టెస్టు పేరు, లాగ్ లింకు, ఎవరు చూస్తున్నారన్న సంగతి ఉండాలి. అలా రాయడానికి అక్కడ ఏమైనా ఇబ్బంది ఉందా?”

కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత, “లాగ్ సర్వర్‌కు నా అనుమతి రెండు వారాల క్రితమే అయిపోయిందండీ. మళ్లీ కావాలని అడిగాను, ఇంకా రాలేదు. డ్యాష్‌బోర్డులో కనిపించే సంఖ్య చూసి రాస్తున్నాను” అంది. ఆ అనుమతి ఇవ్వాల్సింది మా డాలస్ బృందమే. ఆ రోజే ఇచ్చాం. చివరి ప్రశ్న అడగకపోయి ఉంటే ఆమెది నిర్లక్ష్యమని నా మనసులో ముద్ర పడిపోయేది.

ఈ వరుసలో ఎక్కువమంది జారిపడేది రెండో మెట్టు దగ్గరే. ‘మీరు శ్రద్ధ పెట్టడం లేదు’ అన్నది ప్రవర్తన కాదు, మన తీర్పు. సరిచూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది: మీరు చెప్పబోయేది కెమెరాకు చిక్కుతుందా? మెయిల్‌లో పేర్లు లేకపోవడం చిక్కుతుంది, శ్రద్ధ లేకపోవడం చిక్కదు. ‘ఎప్పుడూ ఇంతే’, ‘ప్రతిసారీ’ వంటి మాటలు కూడా ఈ పరీక్షలో నిలవవు. ఒక్క మినహాయింపు చూపిస్తే చాలు, వాదన అటు మళ్లిపోతుంది.

రాతలో చెప్పేటప్పుడు ఒక తేడా ఉంది. కోడ్ రివ్యూలో ఒకే పేజీలో పదిహేను వ్యాఖ్యలుంటే, వాటిలో ఏది ప్రాణాంతకమో ఏది అలంకారమో చదివేవారికి తెలియదు. అందుకే ఇక్కడ చాలా జట్లు ప్రతి వ్యాఖ్య ముందు ఒక గుర్తు పెడతాయి. చిన్నపాటి సవరణకు `nit:` అని రాయడం బాగా వాడుకలో ఉంది. తప్పక మార్చాల్సినదానికి మా జట్టు `blocking:` అని రాస్తుంది, సందేహానికి `question:` అని.

```
blocking: user_id ఖాళీగా వస్తే 42వ వరుసలో ప్రోగ్రాం ఆగిపోతుంది.
nit: tmp2 బదులు అర్థమయ్యే పేరు పెడితే చదవడం సులువు.
```

మొదటిదాని ముందు ‘కోడ్ చాలా అందంగా ఉంది’ అని రాయనక్కర్లేదు. గుర్తే దాని బరువు చెబుతోంది.

పొగడ్తలు మానేయమని నేననడం లేదు. వాటిని విమర్శకు పొట్లం కట్టే కాగితంగా వాడకండి. మెచ్చుకోవాల్సింది కనిపించిన రోజున, అదొక్కటే, అదే వరుసలో చెప్పండి. ఆ సహోద్యోగిని తర్వాతి నెలలో ఒక రాత్రి పంపిన మెయిల్‌లో ఫెయిలైన టెస్టు పేరుతో పాటు కారణం కూడా పట్టి రాసింది. దానివల్ల మాకు మధ్యాహ్నందాకా పట్టే పని తొమ్మిదిన్నరకే అయిపోయింది. అదే మాట రాసి పంపాను. వెంటనే జవాబు వచ్చింది: “ఇంకేమైనా మార్చాలా అండీ?” ఏమీ లేదని, మెచ్చుకోవడానికే రాశానని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.