ఎనిమీస్ టు లవర్స్ కథ ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

సీరియల్స్ రాసే ఫ్రెండ్స్ డ్రాఫ్టులు నాకు పంపిస్తుంటారు. వాటిల్లో సగం ఈ ట్రోప్‌వే, హీరో హీరోయిన్ ఉప్పు నిప్పులా ఉంటారు, చివరికి ఒకటవుతారు. నాకు కూడా ప్రాణం ఈ ట్రోప్ అంటే, అందుకే ఇది చెడిపోతే ఊరుకోబుద్ధి కాదు. చెడేది మాత్రం దాదాపు ప్రతిసారీ అవే మూడు నాలుగు చోట్ల, కాబట్టి ఒకే కథ తీసుకుని చెప్తా.

కథ ఇది. గోదావరి డెల్టాలో ఒక పంట కాలవ, దాళ్వా టైము, నీళ్లు తక్కువ. ఎగువ ఊళ్లో రఘు, శివారు ఊళ్లో భార్గవి. ఎగువ వాళ్లు రాత్రిపూట తూము ఎక్కువసేపు తెరిచి పెట్టుకుంటే శివారు చేలకి నీళ్లు రావు, భార్గవి వాళ్ల వరి పొట్ట మీద ఉంది, ఇప్పుడు తడి అందకపోతే గింజ తాలు పోతుంది. పునాది చాలా గట్టిది. కానీ మొదటి డ్రాఫ్ట్‌లో ఏం జరిగిందంటే, భార్గవి తూము మూయడానికి వస్తుంది, రఘు ఆమె చెయ్యి మెలిపెట్టి పదిమంది ముందు "ఆడదానివి, ఇంట్లో కూర్చో" అని కాలవ గట్టు మీద నుంచి తోసేస్తాడు, తర్వాతి ఎపిసోడ్‌లో ఆమెకి జ్వరం వస్తే కిటికీలోంచి టాబ్లెట్లు ఇస్తాడు, ఆమె కరిగిపోతుంది.

సమస్య 1: "అసలు వీడిని ఎందుకు ప్రేమించింది?" అని పాఠకులు అడుగుతున్నారు

ఈ కామెంట్ వచ్చిందంటే రాసినవాళ్లు సాధారణంగా హీరోకి ఇంకో రెండు మంచి పనులు అంటిస్తారు, కుక్కపిల్లకి పాలు పోయిస్తారు, అనాథాశ్రమానికి చెక్కు రాయిస్తారు. దానివల్ల ఏమీ మారదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు. శత్రుత్వం, క్రూరత్వం రెండూ ఒకటే అనుకోవడం దగ్గర ఉంది.

ఈ ట్రోప్ మనకి ఎందుకు నచ్చుతుందో ఒకసారి ఆలోచించండి. పంతం పట్టినవాడు మనల్ని చూసినంత శ్రద్ధగా స్నేహితుడు కూడా చూడడు, మన బలం ఎక్కడో బలహీనత ఎక్కడో వాడికే బాగా తెలుసు, పైగా మనలో ఉన్న చెడంతా చూసేశాడు కాబట్టి వాడి ముందు మంచిగా నటించాల్సిన పని లేదు. అలాంటివాడు మెల్లగా మనవైపు తిరిగితే ఆ ప్రేమ మీద నమ్మకం కుదురుతుంది. ఇంకోటి, సమఉజ్జీల మధ్య మాటకి మాట పడుతుంటే చదవడానికి భలే ఉంటుంది. ఈ రెండు ఆనందాలకీ హీరోయిన్ ఒంటి మీద చెయ్యి పడాల్సిన అవసరమే లేదు, పడిందంటే సమఉజ్జీతనం పోతుంది, తర్వాత మిగిలేది భయమే.

నేను చూసే పరీక్ష ఒకటుంది. హీరో చేసిన పనిని, హీరో అందం గురించి రాసిన వాక్యాలన్నీ తీసేసి, కథలో విలన్ చేతికి ఇచ్చి చదవండి. విలన్ చేస్తే ఒళ్లు మండే పని హీరో చేస్తే ముద్దొస్తోందంటే అక్కడ మనం క్రూరత్వానికి మేకప్ వేశాం. రెండో పరీక్ష, ఆ దెబ్బకి ఆమె తిరిగి దెబ్బ కొట్టగలదా? తూము తెరిస్తే ఆమె ఇరిగేషన్ ఇంజనీరు ఏఈకి కంప్లైంట్ పెట్టగలదు, కాలవ తూములు చూసుకునే లస్కర్‌ని సాక్ష్యానికి పిలవగలదు, రాత్రి తన మనుషుల్ని గట్టు మీద కాపలా పెట్టగలదు. చెయ్యి మెలిపెడితే ఏం చేయగలదు? అందుకే బాస్-ఎంప్లాయీ, బలవంతపు పెళ్లి కథల్లో ఈ ట్రోప్ త్వరగా విషమైపోతుంది, ఒకరి జీతమో గడపో రెండోవాళ్ల చేతిలో ఉంటే అది పోట్లాట కాదు కదా.

సరిచేయడం ఎలాగంటే, తగువుని తగ్గించకండి, ఇంకా పెంచండి, కానీ తగువు నీళ్ల మీదే ఉండాలి. రఘుకీ న్యాయం ఉండాలి, వాళ్ల ఊళ్లో సగం మంది కౌలు రైతులు, పంట పోయినా కౌలు కట్టక తప్పదు, వాళ్ల తరఫున నిలబడ్డాడు. అతను తూము తెరుస్తాడు, కాలవలో మోటారు పెట్టి తోడతాడు, ఆమె కంప్లైంట్ పెడుతుంది, అతని మోటారు సీజ్ అవుతుంది, ఎండింది ఒకరి చేను, పోయింది ఇంకొకరి మోటారు. ఇద్దరికీ నష్టం జరిగింది, ఇద్దరి మీదా మనకి కోపమూ జాలీ రెండూ ఉంటాయి. గట్టు మీద తోసేసిన సీన్ మొత్తం తీసేయమన్నా, తీసేశాక కథలో వేడి తగ్గలేదు, పెరిగింది.

ఇక్కడే మన భాషలో ఉన్న ఒక సౌకర్యం చెప్పాలి. మీరు, నువ్వు. మొదటి డ్రాఫ్ట్‌లో రఘు "ఏయ్, నువ్వు" అంటుంటే భార్గవి "మీరు" అంటోంది, రాసినావిడ గమనించనేలేదు, అలవాటుగా వచ్చేసింది. ఆ ఒక్క తేడాతోనే ఆమె కింద అతను పైన అని పాఠకుడికి తెలిసిపోతుంది. ఇద్దరూ "మీరు"తో మొదలుపెట్టి ఆ గౌరవంతోనే కత్తులు నూరుకుంటే ఎంత బాగుంటుందో చూడండి:

"నిద్ర పట్టట్లేదాండీ, రాత్రి రెండింటికి గట్టు మీద తిరుగుతున్నారు?"

"పడుతుందండీ, మీరు తూము మూసిన రోజు."

తర్వాత ఎప్పుడో ఒక రోజు ఒకరి నోట్లోంచి "నువ్వు" జారితే అది ముద్దు సీన్ కంటే పెద్ద సంఘటన అవుతుంది. ఇద్దరూ ఒకేసారి మారక్కర్లేదు, ముందు ఎవరు మారారు, రెండోవాళ్లు ఒప్పుకున్నారా, సరిదిద్దారా అన్నదాంతోనే రెండు ఎపిసోడ్లు నడపొచ్చు.

సమస్య 2: నిన్నటిదాకా కొట్టుకున్నారు, ఈరోజు ప్రేమ, నమ్మబుద్ధి కావట్లేదు

దీన్ని నేను ఆకాశవాణి మలుపు అంటాను. జైమిని భారతంలో అశ్వమేధ గుర్రాన్ని పట్టుకున్న ప్రమీలతో అర్జునుడు యుద్ధానికి దిగుతాడు, మధ్యలో ఆకాశవాణి ఆమెని పెళ్లి చేసుకోమంటుంది, అయిపోతుంది. పురాణంలో అది చెల్లుతుంది, సీరియల్‌లో మన ఆకాశవాణులు జ్వరం, వాన, యాక్సిడెంట్, ఒకే మంచం ఉన్న గది. ఇవి ఇద్దర్నీ దగ్గర కూర్చోబెడతాయి, అంతవరకే, ఒకరి మీద ఒకరికి ఉన్న అభిప్రాయాన్ని మార్చలేవు. అభిప్రాయం మారాలంటే కొత్త సాక్ష్యం కావాలి.

జేన్ ఆస్టిన్ 1813 నాటి ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌ని ఈ ఒక్క విషయం కోసం చాప్టర్ నంబర్లు రాసుకుంటూ చదవండి. మొత్తం 61 చాప్టర్లు. మూడో చాప్టర్లో హీరో డార్సీ హీరోయిన్ ఎలిజబెత్‌ని చిన్నచూపు చూస్తూ మాట్లాడతాడు, ఆమె వింటుంది. 34లో ప్రపోజ్ చేస్తాడు, ఆమె ముఖం మీదే కాదంటుంది. అంటే సగం పుస్తకం దాటాక కూడా కుదరలేదు. 35లో ఉత్తరం, తనమీద వేసిన నిందలకి జవాబు చెప్పుకుంటాడు, ఆమె తను ఎక్కడ పొరబడిందో తెలుసుకుంటుంది గానీ ప్రేమలో పడిపోదు. 43లో అతని ఇంటి పనులు చూసుకునే ఆవిడ నోట అతని మంచితనం వింటుంది. తర్వాత ఆమె చెల్లెలి పరువు అతను డబ్బు పెట్టి నిలబెడతాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు, ఆ సంగతి 52లో మేనమామ భార్య ఉత్తరంలో పూర్తిగా తెలుస్తుంది. రెండో ప్రపోజల్ 58లో. మొదటి కాదనడానికీ చివరి ఔననడానికీ మధ్య 23 చాప్టర్లు, వాటిల్లో ప్రతి సాక్ష్యమూ వేరే దారిలో వచ్చింది, కొన్ని అతను లేనప్పుడు వచ్చాయి. ఇది ముఖ్యం, ఎదురుగా ఉన్నప్పుడు మంచిగా ఎవరైనా ఉంటారు.

మన కథలో దీన్ని ఇలా దింపాం. నీళ్ల వంతుల లిస్టులో పొరపాటున భార్గవి ఊరికి ఆరు గంటలు ఎక్కువ పడతాయి, ఎవరూ చూడలేదు, ఆమే వెళ్లి ఏఈకి చెప్పి వెనక్కి ఇచ్చేస్తుంది. ఈ విషయం లస్కర్ ద్వారా రఘుకి తెలుస్తుంది. "ఆవిడ నీళ్ల దొంగ అని నేను నలుగురిలో అన్నానే" అని అతనికి ముల్లులా గుచ్చుకుంటుంది. ఇది మొదటి సాక్ష్యం, అతను మారాల్సిందీ ముందుగా ఇక్కడే. ప్రేమ మాట ఇంకా రాలేదు, కోపంలో చిన్న బీట పడింది, అంతే.

సమస్య 3: ఫ్లాష్‌బ్యాక్ పెట్టాను, సారీ కూడా చెప్పించాను, అయినా క్షమించట్లేదు

చిన్నప్పుడు తల్లి వదిలేసింది, అందుకే ఆడవాళ్లంటే కోపం అని రాస్తాం. అది అతను ఎందుకలా అయ్యాడో చెప్తుంది, ఆమెకి జరిగిన నష్టాన్ని పూడ్చదు. సారీ కూడా మాటే. నష్టం ఏ రకంగా జరిగిందో పూడిక ఆ రకంగానే జరగాలి, పైగా దానికి అతనికి ఏదో ఒకటి పోవాలి. నలుగురిలో దొంగ అన్నాడు కాబట్టి కిటికీ దగ్గర రహస్యంగా చెప్పే సారీ సరిపోదు.

అందుకే రఘుని నీటి సంఘం మీటింగ్‌లో నిలబెట్టాం. సొంత బాబాయ్, మేనమామ అందరూ ఉన్నచోట "రాత్రిపూట తూము తెరిచింది మనమే, ఆవిడని అన్న మాట తప్పు" అంటాడు. ఊళ్లో మాట పోతుంది, బాబాయ్ మాట్లాడటం మానేస్తాడు. భార్గవి ఆ మీటింగ్‌లో లేదు, ఉంటే ఆమె మెప్పు కోసం చేసినట్టుండేది.

ఆమె విన్న వెంటనే పరిగెత్తుకు రాకూడదు. ఆమె చేను ఎండింది నిజం, ఆ కోపం ఆమె హక్కు. ఆమె ఏం చేసిందంటే, వారం తర్వాత ఒక రాత్రి తమ వంతు రోజున తూము షట్టర్ తాళంచెవి అతని చేతిలో పెట్టి ఇంటికెళ్లి పడుకుంది. తెల్లారి చేలోకి నీళ్లు వచ్చాయా లేదా అన్నదే ఆ ఎపిసోడ్ మొత్తం. వచ్చాయి, అయినా మర్నాడు తాళంచెవి వెనక్కి అడిగి తీసుకుంది! ఆ సీన్‌కి వచ్చినన్ని కామెంట్లు ఆ సీరియల్‌లో దేనికీ రాలేదు.

ఆమె వైపు కూడా చూసుకోండి, ఆమె కంప్లైంట్ వల్ల మోటారు పోయిన కౌలు రైతు ఒకడుంటే ఆ లెక్క ఆమె తేల్చాలి. మార్పంతా ఒకరిదే అయితే అది పొగరు అణిచిన కథ అవుతుంది, అణిగింది ఎవరైనా సరే.

సమస్య 4: హీరో చెంపదెబ్బ కొట్టిన ఎపిసోడ్ ఎప్పుడో పోస్ట్ చేసేశాను

ఇది ఎక్కువమంది అడిగేది. ఎడిట్ చేసే వీలుంటే ఆ సీన్ మార్చి, మార్చానని పైన ఒక లైన్ పెట్టండి. వీలు లేకపోతే జరగనట్టు ముందుకు పోవద్దు. కథలో ఎవరో ఒకరు, ఆమె వదినో స్నేహితురాలో, దాన్ని పేరు పెట్టి పిలవాలి, "వాడు నిన్ను కొట్టాడే" అని. ఆమె దూరం జరగాలి, జరిగి తన పనిలో తను బతకగలగాలి. ఆ దూరంలో అతని మీద ప్రేమ పుట్టించలేకపోతున్నాననిపిస్తే పుట్టించకండి, పక్కన ఉన్న ఇంకో పాత్రని చూడండి, లేదా ఆమె కథని ఆమెకే ఇచ్చేయండి. ఒకసారి కొట్టడం, బలవంతం, గదిలో బంధించడం వచ్చాక పూడిక అనేది ఈ ట్రోప్ మోయగలిగిన బరువు కాదు, ఎన్ని తాళంచెవులు చేతులు మారినా పాఠకురాలు ఆ చెంపనే చూస్తూ ఉంటుంది.