పంపింది 500 డాలర్లు, బడికి చేరింది 39,984 రూపాయలు: తేడా ఎక్కడ?

సమస్య

అమెరికాలో ఉన్న కోనసీమ వాళ్లం కొందరం సంఘంగా కలిసి, అమలాపురం దగ్గర ట్రస్టు నడిపే ఒక లంక బడికి నెలనెలా డబ్బు పంపుతున్నాం. ఇద్దరు టీచర్ల జీతాలు, చిల్లర ఖర్చులు కలిపి 42,500 రూపాయలు కావాలి. డాలరు 85 రూపాయలున్న రోజున బడ్జెట్ వేసి, 500 డాలర్లు చాలనుకున్నాం. మొదటి నెలే కరస్పాండెంట్ గారు ఫోన్ చేశారు. "రెండున్నర వేలు తగ్గాయి బాబూ, నా చేతి డబ్బు వేసి జీతాలిచ్చాను."

కారణం

దారిలో మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు కోసుకుంది. అంటే 1,700 రూపాయలు. మిగిలిన 480 డాలర్లకు బ్యాంకు కట్టిన రేటు 85 కాదు, 83.30. అక్కడ మరో 816 పోయాయి. ఇవి కాక పంపేటప్పుడే 40 డాలర్ల వైర్ ఫీజు కట్టాం. అది మన ఖాతాలో పోతుంది కాబట్టి బడి వాళ్లకు కనపడదు, మనమూ లెక్కలో రాయం. మార్పిడి మీద జీఎస్టీ కూడా ఉంది కానీ నెలకు డెబ్బై రూపాయలే, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

కోత ఎక్కడ పడిందో తేలాలంటే డబ్బు అందుకున్న బ్యాంకు నుంచి స్విఫ్ట్ కాపీ, అంటే బ్యాంకుల మధ్య నడిచిన చెల్లింపు సందేశం నకలు, అడగాలి. పాత తరహా కాపీలో 33B అనే గడి దగ్గర పంపిన మొత్తం, 32A అనే గడి దగ్గర చేరిన మొత్తం ఉంటాయి. మన బ్యాంకు ఇచ్చే కాపీలో కోత కనిపించకపోవచ్చు, మేం మొదట అక్కడే పొరబడ్డాం.

పరిష్కారం

ఫీజులు డాలర్లను బట్టి కాదు, ఎన్నిసార్లు పంపామన్నదాన్ని బట్టి పడతాయి. నాలుగు నెలలది ఒకేసారి పంపితే, నెలకు 60 చొప్పున అయ్యే 240 డాలర్ల ఖర్చు 60కి దిగుతుంది. రేటు నష్టం మాత్రం ఇలా తగ్గదు. దానికి ఒకే రోజు డబ్బు పంపే రెండు మూడు సంస్థల దగ్గర "చేతికి ఎన్ని రూపాయలొస్తాయి" అని అడిగి పోల్చుకోవాల్సిందే. ఛార్జీలన్నీ మనమే భరించే OUR పద్ధతి ఎంచుకోవచ్చు గానీ, డాలర్ వైర్లలో అదీ ప్రతిసారీ పనిచేయదు.

బడ్జెట్‌ను రూపాయల నుంచి వెనక్కి లెక్కేయండి. నాలుగు నెలలకు 1,70,000 కావాలి. రేటు 85 ఉన్నా 82 అనుకుంటే 2,073 డాలర్లు, కోతకు 20, ఫీజుకు 40, మొత్తం 2,133. రేటు 83.30 పడితే రెండున్నర వేల దాకా మిగులుతుంది. ఆగస్టులో గోదావరి పొంగితే పిల్లలను దాటించే పడవ కిరాయికి దాన్ని ఉంచుకుంటున్నాం.

డబ్బు అసలు చేరకపోతే

సంఘం డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో ఉన్న దాని ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి అమలాపురం ఖాతాకు రావడానికి పట్టే రోజులను జీతాల తేదీకి ముందే వేసుకోండి. "ఇండియన్ పాస్‌పోర్టున్న ఫలానా తమ్ముడి ఖాతా నుంచి పంపేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. అతని సొంత సంపాదనైతే ఫర్వాలేదు. సంఘం డబ్బును అతని పేరు మీద పంపితే చిక్కుల్లో పడేది బడి.